అప్పగించకముందే కాలిపోయిన జనరేటర్: అందులో ముందునుంచే లోపం ఉంటే నష్టం ఎవరిది?

ఇనుపసామాను (ప్రశ్న): వాడిన యంత్రాలు అమ్మే వ్యాపారి దగ్గర ఒక డీజిల్ జనరేటర్‌ను చూసి, శీతల గిడ్డంగికి రోజుకు పది గంటలు ఆగకుండా నడవాలని చెప్పి, నాలుగో తేదీన ధర ఖాయం చేసుకున్నాను. బిల్లులో దాని సీరియల్ నంబరు రాశారు, మూడో వంతు సొమ్ము ఇచ్చాను. ఎనిమిదో తేదీన తెచ్చి దింపుతామన్నారు. ఆరో తేదీ రాత్రి పక్క షెడ్డు నుంచి మంటలు వ్యాపించి అది కాలిపోయింది. తరువాత ఇంజను విప్పితే క్రాంక్ షాఫ్ట్‌కు పాత పగులు ఉందని, దాన్ని వెల్డింగ్ చేసి సాన పట్టారని తేలింది. మిగిలిన సొమ్ము కట్టమంటున్నారు. కట్టాలా?

గుమాస్తా: కట్టనక్కరలేదు. సరుకు మీ చేతికి రానేలేదు, మిగతా సొమ్మూ చెల్లించలేదు. చేతికి అందని వస్తువు కాలిపోతే ఆ నష్టం ఎవరి దగ్గర ఉందో వారిదే అవుతుంది. లోపం సంగతి దాకా వెళ్ళవలసిన పనే లేదు.

నల్లకోటు: సామాన్య న్యాయదృష్టికి అది సబబుగానే తోస్తుంది గాని, 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఆ దారిన పోలేదు. ఫలానా వస్తువు అని గుర్తించి, అప్పగించడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో, ఏ మెలికా లేకుండా బేరం కుదిరితే, ఆ క్షణానే యాజమాన్యం కొనుగోలుదారుకు మారుతుందని సెక్షన్ 20 చెబుతోంది. చెల్లింపు గాని, అప్పగింత గాని వాయిదా పడినా తేడా లేదు. యాజమాన్యం ఎవరిదో నష్టభారం వారిదేనని, వేరే ఒప్పందం లేనంతవరకు, సెక్షన్ 26 అంటోంది. సీరియల్ నంబరు రాసుకున్నారు కాబట్టి ఇది నిర్దిష్ట వస్తువే. ఒక్కటి మాత్రం తెలియాలి. పంపేముందు బ్యాటరీ మార్చడం, రంగు వేయడం వంటి పని ఏదైనా అమ్మకందారు ఒప్పుకున్నారా? అలా ఉంటే ఆ పని పూర్తయి, అది మీకు తెలిసేదాకా యాజమాన్యం మారదు.

ఇనుపసామాను: అటువంటి పని ఏదీ లేదు. ఉన్నది ఉన్నట్టు లారీకి ఎక్కించడమే.

నల్లకోటు: అయితే ఆరో తేదీ రాత్రి నాటికి ఆ జనరేటర్ మీదే. ఇక్కడితో ఆగితే వ్యాపారి మాటే నెగ్గుతుంది. కాని ఏ పనికి కావాలో మీరు చెప్పారు, వారి నైపుణ్యం మీద ఆధారపడ్డారు, అటువంటి యంత్రాలు అమ్మడం వారి వ్యాపారం. కాబట్టి ఆ పనికి తగినట్టు ఉండాలన్న అవ్యక్త షరతు సెక్షన్ 16 ప్రకారం ఆ బేరంలో ఉన్నట్టే. వాడిన యంత్రమన్నంత మాత్రాన ఆ షరతు పోదు. కొత్తదానిలా ఉండాలని అడగలేరు గాని, అతుకు వేసిన క్రాంక్ షాఫ్ట్‌తో రోజుకు పది గంటలు నడపడం కుదిరే పని కాదు. మీరు పైపైన చూశారు కదా అని వారు వాదించవచ్చు. ఇంజను విప్పితే తప్ప కనిపించని అతుకుకు ఆ వాదన పనికిరాదు.

తీర్పరి: షరతు ఉల్లంఘన జరిగిందనే అనుకుందాం. అయినా యాజమాన్యం అప్పటికే మారిపోయింది గనుక ఇక తిరస్కరించే హక్కు లేదు, నష్టపరిహారం మాత్రమే అడగాలని మేము చదువుకున్నాం.

నల్లకోటు: మీరు చదువుకున్నది పాత పాఠం. నిర్దిష్ట వస్తువు యాజమాన్యం మారితే షరతును వారంటీగానే, అంటే ఉల్లంఘిస్తే పరిహారం మాత్రమే అడగగల హామీగానే చూడాలన్న మాటలు సెక్షన్ 13లో ఉండేవి. 1963 సవరణ వాటిని తీసేసింది. ఇప్పుడు అడ్డు వచ్చేది స్వీకరణ ఒక్కటే. ఈ ఉదంతంలో సరుకు దింపనేలేదు కాబట్టి స్వీకరణ జరగలేదు. తిరస్కరించి, కట్టిన సొమ్ము వెనక్కి అడగవచ్చునని నా అభిప్రాయం.

తీర్పరి: సవరణ సంగతి ఒప్పుకుంటాను. కాని బూడిదను తిరస్కరించడం ఏమిటి? యంత్రం కాలిపోయింది పగులు వల్ల కాదు, మంటల వల్ల. లోపం లేని యంత్రమైనా ఆ రాత్రి అలాగే కాలిపోయేది. నష్టభారం తన మీద ఉన్నప్పుడు జరిగిన ప్రమాదాన్ని, దానితో సంబంధం లేని లోపాన్ని అడ్డుపెట్టి అమ్మకందారు నెత్తిన వేయడం న్యాయమా? సరైన యంత్రం విలువ వంద అనుకుంటే, అతుకు ఉన్నది అరవై అనుకుంటే, ఆ నలభై ధరలోంచి తగ్గించుకోవడానికి సెక్షన్ 59 ఒప్పుకుంటుంది. మిగిలిన అరవై కొనుగోలుదారు భరించాలి.

గింజల వర్తకం: నా విషయమూ ఇదే. ఒక గిడ్డంగిలో మూడు వందల బస్తాల ఆముదాలు ఉంటే అందులో యాభై కొన్నాను, అవి తడిసిపోయాయి. నాకూ తిరస్కరించే హక్కు ఉంటుందా?

నల్లకోటు: మీది వేరే ప్రశ్న, బహుశా తేలికైనది. ఏ యాభై బస్తాలో విడదీసి గుర్తించేదాకా మీకు యాజమాన్యం రాదు, కాబట్టి నష్టభారమూ సాధారణంగా రాదు. వేరుచేసి గుర్తు వేశారా, మీరు ఒప్పుకున్నారా అన్నది ముందు తేల్చుకోండి.

తీర్పరి గారి వాదన బలమైనదే, దానికి మన చట్టంలో సూటి జవాబు లేదు. అమెరికా వాణిజ్య స్మృతి మాత్రం ఈ సందర్భాన్ని ఊహించి, తిరస్కరించే హక్కు కలిగించేంత లోపంతో సరుకు అప్పగించబోతే, దాన్ని సరిచేసేదాకా లేదా స్వీకరించేదాకా నష్టభారం అమ్మకందారుదేనని సెక్షన్ 2-510లో రాసుకుంది. ఇంగ్లండులో 1871 నాటి హెడ్ వర్సెస్ టాటర్సాల్ కేసు ఉంది. ఫలానా రోజులోగా తిరిగి ఇవ్వవచ్చునన్న షరతుతో కొన్న గుర్రం, కొన్నవారి తప్పు లేకుండానే గాయపడింది. అయినా దాన్ని తిరిగి ఇచ్చి సొమ్ము రాబట్టుకోవచ్చునని తీర్పు వచ్చింది. తిరస్కరించే హక్కు బతికి ఉన్నంతకాలం యాజమాన్యం పూర్తిగా స్థిరపడలేదన్నదే ఆ ఆలోచన వెనుక ఉన్న బలం.

తీర్పరి: ఆ గుర్రం బేరంలో తిరిగి ఇచ్చే గడువు స్పష్టంగా రాసుకున్నారు, పైగా గాయపడినా గుర్రం మిగిలే ఉంది. ఇక్కడ అటువంటి మాట లేదు, యంత్రమూ లేదు. తిరస్కరించిన సరుకును మోసుకెళ్ళి ఇవ్వనక్కరలేదు, కబురు చేస్తే చాలునని సెక్షన్ 43 అంటుందని మీరు చెప్పవచ్చు. అది అప్పగించిన సరుకు సంగతి.

ఇనుపసామాను: ఒక విషయం చెప్పలేదు. మొదట అయిదో తేదీనే పంపుతామన్నారు. నా దగ్గర సిమెంటు దిమ్మ ఆరలేదని ఎనిమిదికి మార్చమని నేనే అడిగాను. సరేనన్నారు.

గుమాస్తా: అయితే ఆలస్యం మీదే కదా!

నల్లకోటు: ఆలస్యం ఎవరి తప్పు వల్ల జరిగితే, ఆ తప్పు లేకుంటే జరిగి ఉండకపోయే నష్టం వారిదేనని సెక్షన్ 26 అంటున్న మాట నిజమే. కాని అమ్మకందారు ఒప్పుకుని తేదీ మార్చారు. అది తప్పు కాదు, కొత్త ఒప్పందం. మీ తప్పు వల్లే గడువు దాటిందని వ్యాపారి నిరూపిస్తే మాత్రం వాదన మారుతుంది. ఆ సంభాషణ కాగితం మీదో ఫోనులోనో ఉంటే భద్రపరచండి.

అంతకన్నా ముఖ్యం, ఆ ఇంజను ముక్కలను పాత ఇనుముగా అమ్మనివ్వవద్దు. ఆ పగులు మంటల వేడికి పడినది కాదని, అంతకుముందే ఉన్నదని చూపవలసిన భారం మీది. ఇరుపక్షాల సమక్షంలో లోహ నిపుణుడి చేత పరీక్ష చేయించి, నివేదిక తీసుకోండి. అది లేకుంటే తిరస్కరణ మాట అటుంచి, తీర్పరి గారు చెప్పిన నలభై కూడా దక్కదు.

తీర్పరి: పరీక్ష చేయించమన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. నివేదికలో అతుకు పాతదని వచ్చినా, నా లెక్క అరవై దగ్గరే ఆగుతుంది.

నల్లకోటు: నా లెక్క సున్నా దగ్గర. అమ్మకందారు ఆ అతుకు సంగతి తెలిసే దాచారని రుజువైతే మీ అరవై నిలుస్తుందో లేదో మళ్ళీ చూద్దాం. అప్పుడు ఈ చట్టంతో పాటు కాంట్రాక్టు చట్టంలోని మోసం కూడా మధ్యకు వస్తుంది.