అప్‌డేట్: గండికోట సూర్యోదయం టైమ్ తేడా ఎందుకో తెలిసింది

నా ప్రశ్న: "జనవరి 15న గండికోటలో ఫొటో షూట్ ఉంది. 14.81, 78.28 కోఆర్డినేట్ ఇస్తే సూర్యోదయం రాత్రి 1:16 అని వస్తోంది, ఎందుకు?"

అది యూటీసీ టైమ్ అని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే ఉదయం 6:46. టైమ్ జోన్ `Asia/Kolkata` అని పెట్టాక నేరుగా అదే వచ్చింది. కోఆర్డినేట్ తప్పేమోనని ఊరికే టెన్షన్ పడ్డాను. తూర్పుకో పడమరకో కిలోమీటరు జరిగినా తేడా రెండు సెకన్లే.

అయితే ఆ లెక్క అడ్డేమీ లేని దిగంతానికి. లోయ అంచు రాళ్ల మీద ఎర్రటి ఎండ పడ్డప్పుడు కింద పెన్నా నీళ్లు ఇంకా నీడలోనే ఉన్నాయి. నది షాట్ కోసం చాలాసేపు ఆగాం.