నోట్సు, నోటీసులు: పుస్తకాల తెలుగులోనా, మాట్లాడే తెలుగులోనా?

అనంత_లెక్చరర్: ఇంగ్లీషులో ఉన్న ఫిజిక్స్ నోట్సు డిగ్రీ పిల్లల కోసం తెలుగులోకి మారుస్తున్నా, ఆఫీసు నోటీసులు కూడా నా నెత్తినే పడినాయి. గ్రాంథికంలో రాయాలా, మాట్లాడినట్లు రాయాలా?

కడప_పాతకాపు: నోటీసుల అనువాదం చాలా ఏళ్లు చేసినా కాబట్టి ముందు ఆ సంగతి చెప్తా. పాత ముసాయిదాలో ఇట్ల ఉంటుంది: "అభ్యంతరములు గలవారు ఈ నోటీసు అందిన 15 దినముల లోపు లిఖితపూర్వకముగా తెలియజేయవలెను, లేనియెడల అభ్యంతరము లేనట్లు భావించబడును." మా దగ్గర ఒక పిల్లోడు దీన్ని సులువు చేస్తానని "ఎవరికైనా అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో చెప్పండి" అని రాసినాడు. చదివితే హాయిగానే ఉంది, కానీ గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాల, కాగితం మీద ఇయ్యాల్నా, ఇయ్యకపోతే ఏమయితుంది, ఈ మూడూ పోయినాయి. ఒక రైతు వచ్చి నోటితో చెప్పిపోయినాడు, గడువు దాటినాక చూస్తే ఫైల్లో ఆయన అభ్యంతరమే లేదు. నేనైతే ఇట్ల రాస్తా: "ఈ నోటీసు మీ చేతికి అందిన రోజు నుంచి 15 రోజుల లోపల మీ అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే మీకు అభ్యంతరం లేదని అనుకుంటాం." ములు, వలెను, బడును పోనీయండి, షరతు ఒక్కటీ పోకూడదు.

కర్నూలు_కుర్రోడు: గిడుగు రామమూర్తి గారు ఎప్పుడో తేల్చేసిన గొడవ ఇది, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజనే కదా. నోట్సు కూడా ఇంట్లో మాట్లాడినట్లే రాయండి, ద్రవ్యరాశి ఎందుకు, బరువు అంటే పోలా.

కడప_పాతకాపు: గిడుగు వారు అడిగింది చదువుకున్నోళ్లు మాట్లాడే వాడుక, శాస్త్రం మాటలు తీసేయమని అన్లేదు నాయనా. ద్రవ్యరాశి 60 కిలోలున్న మనిషి చంద్రుడి మీదికి పోయినా ఆ 60 అట్లే ఉంటుంది, బరువు మాత్రం ఆరో వంతుకు పడిపోతుంది. రెండిటికీ బరువు అనే రాస్తే పిల్లలకు ఆ లెక్క ఎట్ల అర్థమవుతుంది? మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే మాస్ అని రాయండి, ఆ తర్వాత ద్రవ్యరాశి అనే వాడండి. వాక్యం మాత్రం మాటలాగా పోనీ.

ప్రొద్దుటూరు_అమ్మ: మా పాప పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఇంటర్లో ఇంగ్లీషుకు మారి ఏడాదంతా ఏడ్చింది. తెలుగులో నోట్సే వద్దు అనిపిస్తుంది నాకు.

అనంత_లెక్చరర్: అమ్మా, మీ బాధ అర్థమయింది, కానీ మీడియం ఏది ఉండాలనేది కాదు నా ప్రశ్న, ఈ పిల్లలు ఎట్లయినా తెలుగులోనే పరీక్ష రాస్తారు.

ధర్మవరం_సీను: మాట్లాడే తెలుగు అంటే ఎవురిది సార్? మేము వచ్చినాడు అంటాం, అచ్చులో వచ్చాడు అనే వస్తుంది, అది కృష్ణా గుంటూరు వాళ్ల మాట. మన పిల్లలకు అదీ పుస్తకాల భాషే కదా.

కడప_పాతకాపు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నోటీసు వేరే జిల్లాకు పోయినా చెల్లాల కాబట్టి నేను వచ్చాడు అనే రాసినా, మనసొప్పక రాసినా.

అనంత_లెక్చరర్: ఇంకొకటి మిగిలింది. ప్రశ్నపత్రంలో "నిరూపింపుము", "ఉత్పాదించుము" అనే వస్తున్నాయి. నోట్సులో "సూత్రం రాబట్టండి" అని నేర్పిస్తే పరీక్ష రోజు ఆ మాట చూసి ఆగిపోతారేమో. ఒక్కో యూనిట్ చివర పాత ప్రశ్నలు నాలుగు, ఉన్న మాటల్లోనే పెడదామనుకుంటున్నా, ఎవరైనా అట్ల చేసి చూసినారా?