కాలమ్స్ పెంచితే ఆర్ స్క్వేర్ పెరిగింది, అడ్జస్టెడ్ తగ్గింది. ఏది నమ్మాలి?

శిరీష_వైజాగ్
R లో ఉండే mtcars డేటాతో కార్ల మైలేజీకి మోడల్ కట్టాను. బరువు, హార్స్‌పవర్ రెండే పెడితే ఆర్ స్క్వేర్ 0.827 వచ్చింది. మిగతా ఎనిమిదీ కలిపి మొత్తం పది కాలమ్సూ పెడితే 0.869. అడ్జస్టెడ్ మాత్రం 0.815 నుంచి 0.807కి దిగింది. మా టీమ్ లీడ్ పది కాలమ్స్ మోడలే ఖాయం చేయమంటున్నారు. ఏం చెప్పాలి ఆయనకి?

కిరణ్_కోడ్
లీడ్ చెప్పింది తప్పు. ఆర్ స్క్వేర్‌కి సిగ్గు లేదు, ఏ చెత్త కాలమ్ వేసినా పెరుగుతుంది. అడ్జస్టెడ్ అలా కాదు, కొత్త కాలమ్ పి వాల్యూ 0.05 కన్నా తక్కువ ఉంటేనే పెరుగుతుంది. తగ్గిందంటే ఆ ఎనిమిదీ దండగే. తీసేయండి.

పాత_లెక్చరర్
కిరణ్ మొదటి మాట నిజం, రెండోది కాదు. శిరీష దగ్గరున్న లెక్కతోనే చూద్దాం.

ఇవి 1973-74 మోడల్ కార్లు, 32 ఉన్నాయి. ఏ కాలమూ లేకుండా ప్రతి కారుకీ సగటు మైలేజీ 20.09 అనే చెప్పేశామనుకోండి. ఆ తప్పులన్నిటినీ వర్గం చేసి కూడితే 1126.05 వస్తుంది. బరువు, హార్స్‌పవర్ పెట్టాక మిగిలిన తప్పు 195.05. అంటే మొదటున్న తప్పులో నూటికి దాదాపు 83 వంతులు పోయింది. ఆర్ స్క్వేర్ అంటే ఇంతే. సగటు ఒక్కటే చెప్పిన దానితో పోలిస్తే, ఇదే డేటా మీద ఎంత తప్పు తగ్గిందన్నది. మోడల్ నిజమా కాదా అన్నది అందులో ఎక్కడా లేదు.

పది కాలమ్స్ పెడితే మిగిలింది 147.49. కొత్త కాలమ్ ఎంత పనికిమాలినదైనా లీస్ట్ స్క్వేర్స్ దానికి సున్నా గుణకం ఇచ్చి పక్కన పెట్టగలదు కాబట్టి తప్పు పెరిగే ప్రసక్తే లేదు. అందుకే ఆర్ స్క్వేర్ దిగదు.

ఇక అడ్జస్టెడ్. ఇది మిగిలిన తప్పుని నేరుగా తీసుకోదు, మిగిలిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగిస్తుంది. రెండు కాలమ్స్ మోడల్‌లో 195.05ని 29తో భాగిస్తే 6.73. పది కాలమ్స్‌లో 147.49ని 21తో భాగిస్తే 7.02. పెరిగింది చూశారా! ఈ అంకెని 1126.05/31తో, అంటే 36.32తో భాగించి 1 లోంచి తీసేస్తే అడ్జస్టెడ్ వస్తుంది.

కూలి లెక్క అనుకోండి. మోడల్‌లో చేరే ప్రతి కాలమూ కనీసం 6.73 తప్పు తగ్గిస్తేనే దాని కూలి గిట్టినట్టు. శిరీష చేర్చిన ఎనిమిదీ కలిసి తగ్గించింది 47.56, తలా ఒక్కింటికి 5.9. గిట్టలేదు, అందుకే అడ్జస్టెడ్ దిగింది.

కిరణ్ తమ్ముడు చెప్పిన 0.05 సంగతి ఇది నడిపి చూస్తే తేలుతుంది:

```r
summary(lm(mpg ~ wt + hp, data = mtcars))
summary(lm(mpg ~ wt + hp + qsec, data = mtcars))
```

qsec పి వాల్యూ 0.255. మామూలు కొలమానంలో అసలు నిలవదు. అయినా అడ్జస్టెడ్ 0.8148 నుంచి 0.8171కి ఎక్కింది. ఎందుకంటే అది చూసేది పి వాల్యూని కాదు. గుర్తు తీసేసి చూస్తే టి వాల్యూ 1 దాటితే చాలు, అడ్జస్టెడ్ పెరుగుతుంది. ఇక్కడ 1.16 ఉంది. చాలా మెతక గీత అన్నమాట.

కిరణ్_కోడ్
నడిపాను, నిజమే. మరి 1 దాటితే చాలు అనే ఇంత తేలికైన పరీక్షని ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి మాస్టారూ? పి వాల్యూ చూసి తేల్చుకుంటే పోలా?

పాత_లెక్చరర్
పి వాల్యూ ఒక్కటే చూస్తే ఏమవుతుందో ఆ పది కాలమ్స్ మోడల్‌లోనే ఉంది. అందులో ఒక్క కాలమ్ కూడా 0.05 కింద లేదు, చివరికి బరువు కూడా 0.06 దగ్గరే ఆగింది. బరువుకీ మైలేజీకీ సంబంధం లేదంటామా? సిలిండర్లు, ఇంజిన్ సైజు, బరువు ఒకదాన్నొకటి పట్టుకునే నడుస్తాయి, ఎవరి వంతు ఎంతో విడదీయలేకపోతున్నాం. కాబట్టి "ఎనిమిదీ దండగ" అనడం కూడా తొందరపాటే. వాటిలో ఒకటో రెండో పనికొచ్చేవి ఉండొచ్చు, ఎనిమిదీ గుంపుగా వచ్చినప్పుడు గిట్టలేదు, అంతే.

అనంత_వేరుశనగ
నాదీ ఇదే బాధండీ. అనంతపురం వేరుశనగ దిగుబడికి 18 ఏళ్ల లెక్కలు తీసుకుని, నెలవారీ వాన, ఉష్ణోగ్రత వగైరా 11 కాలమ్స్ పెట్టాను. ఆర్ స్క్వేర్ 0.58. అడ్జస్టెడ్ మైనస్ 0.19! వర్గం మైనస్ ఎలా వస్తుంది? వాన పెరిగితే దిగుబడి తగ్గుతోందనా? మా గైడ్ 0.58 రాసేసి ముందుకు పొమ్మంటున్నారు.

పాత_లెక్చరర్
వాన దిశకీ ఆ మైనస్‌కీ సంబంధం లేదు. అడ్జస్టెడ్ దేని వర్గమూ కాదు, పేరు మాత్రం అలా నిలిచిపోయింది. మీ దగ్గర 18 వరసలు, 11 కాలమ్స్, ఇంటర్సెప్ట్ కూడా తీసేస్తే మిగిలింది 6 డిగ్రీలే. 0.42ని 17/6తో గుణిస్తే 1.19, దాన్ని 1 లోంచి తీస్తే మైనస్ 0.19.

ఇంకో మాట. దిగుబడితో ఏ సంబంధమూ లేని 11 యాదృచ్ఛిక కాలమ్స్ పెట్టినా సగటున 11/17, అంటే 0.65 ఆర్ స్క్వేర్ వస్తుంది. మీకు వచ్చింది అంతకన్నా తక్కువ. వానకి ప్రభావం లేదని దీనర్థం కాదు, ఇన్ని కాలమ్స్‌తో ఈ 18 వరసలు ఏమీ చెప్పలేవని అర్థం. నెలల్ని విడివిడిగా పెట్టకుండా ఊడలు దిగేటప్పటి వాన, కాయ ఊరేటప్పటి వాన అని రెండు కాలమ్స్ చేసి చూడండి. అయితే దిగుబడితో పోల్చి చూశాక కాదు, పైరు తెలిసినవాళ్లను అడిగి ముందే ఖాయం చేసుకోండి.

అనంత_వేరుశనగ
ముందే ఎందుకండీ? నాలుగైదు రకాలుగా కట్టి, అడ్జస్టెడ్ ఎక్కువున్నది తీసుకుంటే సరిపోదా?

హైదరాబాద్_ఎంఎల్
అసలు గొడవ అక్కడే. మాస్టారి లెక్క తప్పని నేననను, కానీ అడ్జస్టెడ్‌కి తెలిసింది మోడల్‌లో ఉన్న కాలమ్స్ సంఖ్య ఒక్కటే. ఎన్ని మోడల్స్ వెతికి పారేశారో దానికి తెలీదు. mtcars పది కాలమ్స్‌తో 1023 రకాల మోడల్స్ కట్టొచ్చు. వాటిలో అడ్జస్టెడ్ ఎక్కువున్నది ఏరుకుంటే ఆ అంకె కూడా ఉబ్బిపోయినదే. నేనైతే ఒక్కో కారునీ బయట పెట్టి మిగతావాటితో దాని మైలేజీ ఎంత బాగా చెప్పగలిగామో చూస్తాను. సాధారణ రిగ్రెషన్‌కి 32 సార్లు నడపక్కర్లేదు కూడా:

```r
m <- lm(mpg ~ ., data = mtcars)
e <- resid(m) / (1 - hatvalues(m))
1 - sum(e^2) / sum((mtcars$mpg - mean(mtcars$mpg))^2)
```

`wt + hp` పెట్టి ఇదే మళ్లీ నడపండి, రెండూ మీ లీడ్ ముందు పెట్టండి.

పాత_లెక్చరర్
ఇది మంచి పద్ధతే. కాకపోతే 1023 మోడల్స్‌నీ ఇలాగే కొలిచి ఎక్కువ వచ్చినది ఏరుకుంటే మీరు చెప్పిన ఉబ్బు ఇక్కడా వస్తుంది. పైగా శిరీష పోలుస్తున్నది రెండు మోడల్స్‌నే, దానికి అడ్జస్టెడ్ సరిపోతుందని నా అభిప్రాయం.

హైదరాబాద్_ఎంఎల్
ఏరుకోవడం సంగతి ఒప్పుకుంటా. సరిపోతుందన్నది మాత్రం ఒప్పుకోను. కొత్త కారు మైలేజీ చెప్పడానికే మోడల్ కడితే, కొత్త కారు మీద తప్పు ఎంతో కొలవాలి.

శిరీష_వైజాగ్
లీడ్‌కి ఈ అడ్జస్టెడ్ గోల ఎక్కదండీ. ఆయనకి అర్థమయ్యేలా ఒక్క అంకె?

పాత_లెక్చరర్
summary అవుట్‌పుట్‌లో Residual standard error చూపించండి. రెండు కాలమ్స్‌కి 2.593, పదింటికి 2.65. ఇందాకటి 6.73, 7.02ల వర్గమూలాలే అవి. అది దిగితే అడ్జస్టెడ్ ఎక్కుతుంది, అది ఎక్కితే ఇది దిగుతుంది, ఒకే సంగతి. పైగా గ్యాలన్‌కి మైళ్లలోనే ఉంటుంది. ఎనిమిది కాలమ్స్ అదనంగా పెట్టినా తప్పు అంచనా ఒక్క పిసరు కూడా తగ్గలేదని ఆయనకే కనిపిస్తుంది.