తెనాలి నుంచి బ్రిటన్ రిజిస్టర్ దాకా: కౌన్సిల్, సీబీటీ, ఆస్కీ, మధ్యలో ఇంటిపేరు

తెనాలి సరళ
అందరికీ నమస్కారం. నేను 2018లో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, అదే ఏడాది రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాను. అప్పటినుంచి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. బ్రిటన్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నాను కాని, ఏది ముందు ఏది తరువాత అన్నది తేలడం లేదు. కౌన్సిల్ వెరిఫికేషన్ ముందా, ఇంగ్లిష్ పరీక్ష ముందా, కంప్యూటర్ మీద రాసే సీబీటీ ముందా? చదువంతా ఇంగ్లిష్ మీడియంలోనే సాగింది కాబట్టి ఇంగ్లిష్ పరీక్ష తప్పుతుందని మా వార్డులో ఒక సిస్టర్ అంటున్నారు, అది నిజమేనా? పని చేసి చూపించే ఆస్కీ పరీక్షలో ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్పగలరు.

అనంతపురం రమణ
సరళ గారూ, అన్నిటికన్నా ముందు మీ పాస్‌పోర్టు తీసి అందులో పేరు ఎలా ఉందో చూసుకోండి. మా ఆవిడ సీబీటీ రాయడానికి హైదరాబాద్ వెళ్లి, రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే కేంద్రానికి చేరుకుంటే, గుమ్మం దగ్గరే వెనక్కి పంపేశారు. బుకింగ్ నేనే చేశాను, పదో తరగతి సర్టిఫికెట్ ముందు పెట్టుకుని `K LAKSHMI` అని కొట్టాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పైగా అది పెళ్లయ్యాక మారిన మా ఇంటిపేరు. ఆ రోజు పోయిన 83 పౌండ్ల కన్నా, తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రిటైర్డ్ ట్యూటర్
నేను ఇరవై రెండేళ్లు నర్సింగ్ బోధించాను, నా విద్యార్థినులు ఆరు దేశాల్లో ఉన్నారు. ఇటువంటి వాటికి ఒకటే పరిష్కారం: గెజిట్‌లో పేరు మార్పు ప్రకటించి, పదో తరగతి నుంచి డిగ్రీ వరకు అన్ని సర్టిఫికెట్లూ పాస్‌పోర్టుకు అనుగుణంగా మార్పించుకోవాలి. అది చేయకుండా ముందుకు వెళ్లడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

లీడ్స్ వనజ
ట్యూటర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట చెబుతున్నాను. పదో తరగతి మెమో మార్పించుకోవడం మొదలుపెడితే సరళ గారు రిటైరయ్యే నాటికి బ్రిటన్ చేరతారు. బ్రిటన్ నర్సుల రిజిస్టర్ నడిపే ఎన్‌ఎంసీకి పెట్టే దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, పాత కాగితాల్లో వేరే పేరుంటే ఆ రెండు పేర్లూ ఒకరివేనని చూపే ఆధారం ఉండాలి. నాకు పెళ్లి సర్టిఫికెట్ సరిపోయింది. రమణ గారి ఇంట్లో జరిగింది మాత్రం వేరే సంగతి. పరీక్షా కేంద్రంలో మీ డిగ్రీని ఎవరూ చూడరు, బుకింగ్‌లోని పేరూ చేతిలోని పాస్‌పోర్టూ అక్షరం పొల్లుపోకుండా కలవడమే చూస్తారు. ఈ రెండింటినీ కలిపి భయపడవద్దు.

రిటైర్డ్ ట్యూటర్
మీ ఒక్కరికి సరిపోయిందని అందరికీ సరిపోతుందని ఎలా చెబుతారు? మీకు పెళ్లి వల్ల పేరు మారింది కాబట్టి పెళ్లి సర్టిఫికెట్ పనిచేసింది. పొడి అక్షరాలతో ఉన్న పేరు విస్తరించినప్పుడు ఏ పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తారు? `K` అంటే కొల్లి కావచ్చు, కోట కావచ్చు, కంభంపాటి కావచ్చు. మన ఇంటిపేరు ముందు రావడం, దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం ఆ దేశం వారికి తెలిసిన పద్ధతి కాదు.

అనంతపురం రమణ
ట్యూటర్ గారూ, మేము గెజిట్ చేయించలేదు. నోటరీ అఫిడవిట్‌తోనే సరిపెట్టాము, దరఖాస్తు ముందుకు వెళ్లింది. ఇసుక మీద కట్టిన ఇంట్లోనే ఉంటున్నాము లెండి.

రిటైర్డ్ ట్యూటర్
వ్యంగ్యం అవసరం లేదు. అఫిడవిట్‌తో ఆగిపోయి నెలల తరబడి ఉత్తరాలు రాసుకున్న అమ్మాయిలను నేను స్వయంగా చూశాను.

కరీంనగర్ పద్మ
పేర్ల గొడవ పక్కన పెట్టండి, ఇంగ్లిష్ సంగతి నేను చెబుతాను. ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ నుంచి లెటర్ తెచ్చుకుంటే పరీక్ష అవసరం లేదు. నిబంధన మారిందని మా స్నేహితురాలు చెప్పింది, ఆమె అక్కడే ఉంది.

లీడ్స్ వనజ
పద్మా, నిబంధన మారిన మాట నిజం, కాని మారింది మీరు అనుకున్నట్టు కాదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లిష్ మీడియంలో శిక్షణ పొందినవారికి ఒక దారి తెరిచారు, అయితే లెటర్ ఒక్కటే చాలదు. దానికి తోడుగా, మీరు బ్రిటన్‌లోనే రిజిస్టర్ కాని హోదాలో, ఆరోగ్య లేదా సంరక్షణ రంగంలో కనీసం ఏడాది పనిచేసి ఉండాలి, మీ భాష సరిపోతుందని ఆ యజమాని రాసి ఇవ్వాలి. ఇంగ్లిష్ అధిక సంఖ్యాకుల భాష అయిన దేశాల జాబితాలో భారతదేశం లేదు కాబట్టి, తెనాలిలో కూర్చున్న సరళ గారికి ఆ దారి మూసినట్టే. మీ స్నేహితురాలు అక్కడ హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ ఉండి ఉంటుంది, అందుకే ఆమెకు కుదిరింది.

ఐఈఎల్‌టీఎస్ రాస్తే వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. వైద్యరంగం వారికోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాస్తే ఆ మూడింటిలో బి, రాయడంలో సి ప్లస్ రావాలి. నా అభిప్రాయంలో వార్డులో పనిచేసేవారికి ఓఈటీ సులువు, ఎందుకంటే అందులో రాయమనేది రోగిని మరొక చోటికి పంపేటప్పుడు రాసే ఉత్తరం, మనకు ఏమాత్రం సంబంధం లేని ఏదో విషయం మీద వ్యాసం కాదు.

కరీంనగర్ పద్మ
అవును, ఆమె కేర్ హోమ్‌లో చేసింది. ఆ మాట నాకు చెప్పలేదు.

డల్లాస్ సుధ
ఇంత బాధ ఎందుకండీ? అమెరికాకు నర్సింగ్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఒక్కటే, హైదరాబాద్‌లోనే రాయవచ్చు. ప్రశ్నలు 85 నుంచి 150 దాకా వస్తాయి, అయిదు గంటల్లో అంతా తేలిపోతుంది. బొమ్మ రోగి ముందు నిలబడి నటించవలసిన అవసరం లేదు.

కరీంనగర్ పద్మ
పరీక్ష అయిదు గంటల్లో తేలుతుంది సుధ గారూ, వీసా ఎప్పుడు తేలుతుంది? మా వదిన ఎన్‌క్లెక్స్ పాసై, వీసాకు కావలసిన వీసాస్క్రీన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుని, తన తేదీ ఎప్పుడు వస్తుందా అని నెలనెలా వీసా బులెటిన్ చూసుకుంటూ ఇక్కడే నైట్ డ్యూటీలు చేస్తోంది.

లీడ్స్ వనజ
సరళ గారి అసలు ప్రశ్నకు వస్తాను. వరుస కన్నా గడువులను చూసుకోవడం ముఖ్యం. ఇంగ్లిష్ ఫలితానికి రెండేళ్లు, సీబీటీకి రెండేళ్లు గడువు ఉంటుంది. కౌన్సిల్ ఎంత కాలం తీసుకుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మీ రిజిస్ట్రేషన్‌ను కౌన్సిల్ నేరుగా ఎన్‌ఎంసీకే ధ్రువీకరించాలి, మీ చేతికి ఇచ్చిన కవరు చెల్లదు. మీరు 2018లో రిజిస్టర్ అయ్యానన్నారు, మధ్యలో రెన్యువల్ చేయించారా? గడువు తీరిన రిజిస్ట్రేషన్‌తో వెరిఫికేషన్ అడిగితే ఫైలు కదలదు, ఎందుకు కదలలేదో కూడా మనకు తెలియదు. నాకు అలాగే మూడు నెలలు పోయాయి. కాబట్టి నేడే రెన్యువల్ చూసుకోండి, ఇంగ్లిష్ చదువు మొదలుపెట్టండి, ఇంగ్లిష్ ఫలితం వచ్చాక ఎన్‌ఎంసీ దరఖాస్తు తెరిచి వెరిఫికేషన్‌కు వెళ్లండి, అది నడుస్తుండగానే సీబీటీ రాయండి.

నెల్లూరు మాధవి
సీబీటీలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది పదిహేను లెక్కలు, అరగంట. రెండోది వంద ప్రశ్నలు, రెండున్నర గంటలు. నేను క్లినికల్ భాగం పాసై, లెక్కల్లో పోయాను. ఐసీయూలో తొమ్మిదేళ్లు చేసినదాన్ని లెక్కల్లో పోయానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఒక చోట డోసు 62.5 మైక్రోగ్రాములు కావాలి, మందు మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు ఉంది. జవాబు 1.25 మిల్లీలీటర్లు. నేను అలవాటుగా 1.3 అని గుండ్రం చేశాను. నాలుగు ఐచ్ఛికాలు ఉండవు, మనమే అంకె టైపు చేయాలి, కాబట్టి దగ్గరగా ఉన్నదాన్ని గుర్తుపట్టి తప్పించుకునే వీలు లేదు. ఊరట ఏమిటంటే, పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాస్తే సరిపోతుంది.

రిటైర్డ్ ట్యూటర్
నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేదాన్ని, గుండ్రం చేయమని ప్రశ్న అడిగితేనే చేయాలని.

నెల్లూరు మాధవి
మీ క్లాసులో నేను లేను మేడమ్.

బర్మింగ్‌హామ్ జ్యోతి
ఆస్కీ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా ఓటమి చెబుతాను. మొత్తం పది స్టేషన్లు, అంటే పది చిన్న పరీక్షలు. అసెస్‌మెంట్ స్టేషన్‌లో నాకు ఇచ్చిన రోగి అంకెలు ఇవి: శ్వాస నిమిషానికి 22, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 95, పై బీపీ 105, నాడి 112, జ్వరం 38.4, పూర్తి స్పృహలో ఉన్నాడు. రోగి పరిస్థితి ఎంత విషమించిందో అంకెల్లో చూపే వారి న్యూస్ చార్టులో వాటిని వేసి స్కోరు కట్టాలి. శ్వాసకు 2, సాచురేషన్‌కు 1, నాడికి 2, జ్వరానికి 1 వేశాను. బీపీకి సున్నా వేశాను. మన వార్డులో 105 బీపీని చూసి ఎవరైనా డాక్టరును పిలుస్తారా? ఆ చార్టులో 101 నుంచి 110 వరకు ఉంటే ఒక పాయింటు పడుతుంది. నా మొత్తం 6, సరైనది 7. ఒక్క పాయింటే కదా అనుకోవద్దు. 5, 6 అయితే డాక్టరు వచ్చి త్వరగా చూడాలి, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే అత్యవసర బృందాన్ని పిలవాలి. నేను స్కోరు తప్పు కట్టడంతో ఆగకుండా, ఎవరిని పిలవాలో కూడా తప్పు చెప్పాను.

పోయిన స్టేషన్లు ఏడు లేదా అంతకన్నా తక్కువైతే అవి మాత్రమే మళ్లీ చేయవచ్చు, ఫీజు సగం, 397 పౌండ్లు. ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ పోతే మొత్తం మళ్లీ చేయాలి, 794 కట్టాలి. నాకు రెండు పోయాయి. మా ఆసుపత్రి మొదటి ప్రయత్నానికి కట్టింది, రెండోది నా జీతంలోంచి పోయింది. కాంట్రాక్టులో ఆ పంక్తి నేను చదవలేదు.

అనంతపురం రమణ
మా ఆవిడ ఇప్పుడు ఆస్కీకి సిద్ధమవుతోంది. ఆ చార్టు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మూడుసార్లూ పోతే వీసా సంగతి ఏమవుతుంది?

బర్మింగ్‌హామ్ జ్యోతి
అక్కడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎనిమిది నెలల్లోగా రిజిస్ట్రేషన్ రావాలి. మూడో ప్రయత్నం ఆ లోపలే పడేటట్టు తేదీలు లెక్క వేసుకోండి, రెండు ప్రయత్నాల మధ్య పది రోజుల ఎడం తప్పనిసరి. అన్నీ అయ్యాక రిజిస్ట్రేషన్ ఫీజు 153 కట్టి, పిన్ నంబరు వచ్చేదాకా యూనిఫాం రంగు మారదు.

తెనాలి సరళ
వనజ గారూ, మీ మాట చదివి బీరువా తెరిచాను. నా రిజిస్ట్రేషన్ గడువు 2023లోనే తీరిపోయింది, మా ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఆలస్య రుసుముతో రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టాను. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు గడి పూర్తిగా ఖాళీగా ఉంది, పేరంతా రెండో గడిలోనే పడింది. సీబీటీ బుకింగ్‌లో ఇంటిపేరు అడిగే చోట ఏం కొట్టాలి?

రిటైర్డ్ ట్యూటర్
నేను మొదటే చెప్పాను.

లీడ్స్ వనజ
ట్యూటర్ గారూ, ఈసారి మీ మాటకు ఎదురు చెప్పను, ఖాళీ గడి నాకు అనుభవంలో లేదు. సరళా, బుక్ చేయకముందే పరీక్ష నిర్వహించేవారికి పాస్‌పోర్టు పేజీ జతచేసి మెయిల్ రాయి, వారు ఇచ్చిన జవాబు ప్రింటు తీసి కేంద్రానికి పట్టుకెళ్లు. పాస్‌పోర్టునే సరిచేయించుకోవడానికి సమయం ఉంటే అది ఇంకా మేలు, ఎలాగూ కౌన్సిల్ దగ్గర నెలలు పడతాయి.