ముఖజ, తలజ… ఆ తర్వాత ‘తద్యుతిజ’నా, ‘తద్ద్యుతిజ’నా?

గోదారిగట్టు: మా అమ్మాయికి శంకు ఛిన్నకం ఘనపరిమాణం చెబుతుంటే భాస్కరుడి గణిత గ్రంథం లీలావతిలోని ముక్క ఒకటి నోట్లో ఆడింది. “ముఖజ తలజ తద్ద్యుతిజ క్షేత్రఫలైక్యం…” ఆపైన రావట్లేదు. పెద్ద శంకువులోంచి చిన్న శంకువు తీసేసే లెక్కే కదా ఇది? మధ్యలో ద్యుతి, అంటే కాంతి, ఎందుకొచ్చినట్టు?

పాణినీయం: కాంతీ లేదు, దీపమూ లేదండీ. తత్ + యుతి, తద్యుతి. మీరు ఒక ద ఎక్కువ పలికారు. తరువాయి “హృతం షడ్భిః, క్షేత్రఫలం సమమేవం వేధహతం ఘనఫలం స్పష్టమ్”. యుతి అంటే కూడిక. నోటి వైశాల్యం, అడుగు వైశాల్యం, ఆ రెండు వైశాల్యాల కూడిక. మూడూ కలిపి ఆరుతో భాగించి లోతుతో హెచ్చవేయమన్నాడు.

లెక్కలమాస్టారు: సంధి సరే, అర్థం దగ్గర కాలు జారింది. నోరూ అడుగూ ఒకే కొలత ఉన్న డబ్బాకి మీ పద్ధతి పెట్టి చూడండి. ఒక్కో వైశాల్యం 1 అనుకుంటే 1, 1, 2 కలిపి 4. ఆరుతో భాగిస్తే మూడింట రెండు వంతులే. నిండు డబ్బాలో మూడో వంతు మాయం! యుతి వైశాల్యాలది కాదు, కొలతలది. రెండు వ్యాసార్ధాలూ కూడి, అంత వ్యాసార్ధంతో వృత్తం గీస్తే వచ్చేది ‘తద్యుతిజ’. అప్పుడు 1, 1, 4 కలిపి 6. డబ్బా పూర్తిగా దక్కుతుంది.

గోదారిగట్టు: మరి తీసివేతకీ దీనికీ పొత్తు కుదురుతుందా మాస్టారూ?

లెక్కలమాస్టారు: బకెట్ తీసుకోండి. పై వ్యాసార్ధం 15 సెం.మీ., అడుగుది 10, ఎత్తు 24. గోడల్ని కిందికి సాగదీస్తే ఒక మొన దగ్గర కలుస్తాయి. 24 దిగేసరికి వ్యాసార్ధం 5 తగ్గింది కాబట్టి మిగిలిన 10 తగ్గడానికి ఇంకో 48 దిగాలి. కాబట్టి పెద్ద శంకువు ఎత్తు 72, దాని పరిమాణం 5400π. చిన్నది 1600π. తీసేస్తే 3800π, అంటే పన్నెండు లీటర్లకి కాస్త తక్కువ. ఇక శ్లోకం: 225, 100, 25 వర్గం 625, కలిపితే 950. ఆరుతో భాగించి 24తో హెచ్చవేయండి, పక్కన π. అదే 3800π.

పిల్లలు తప్పేది చిన్న శంకువు ఎత్తు దగ్గర. రెండు శంకువులకీ బకెట్ ఎత్తు 24నే వేసేస్తారు. 1800లోంచి 800 పోతే 1000π వస్తుంది. అడుగంత వెడల్పున్న నిలువు డబ్బాకే 2400π పడుతుంది కదా, అంతకన్నా తక్కువ వచ్చిందంటే అక్కడే పట్టేయొచ్చు.

కుండీలవ్యాపారి: నాకు శ్లోకాలు తెలీవు గానీ రోజూ ఇదే పని. టేపు గోడ వెంట పెడితే 24న్నర వస్తోంది. అదే ఎత్తుగా వేసుకుంటే మట్టి ఎంత తేడా వస్తుందంటారు?

లెక్కలమాస్టారు: అది ఏటవాలు కొలత. ఈ వాలుకి తేడా నూటికి రెండు పాళ్లే. నోరు బాగా విచ్చుకున్న కుండీకి మాత్రం ఆ తేడా పెరుగుతుంది. మట్టి లెక్కకి లోపలి కొలతలే తీసుకోండి.

శంఖనాదం: అసలు మా బళ్లో ‘శంఖువు’ అనే రాయించారు. శంఖం ఆకారం కదా.

పాణినీయం: శంఖానికి మెలికలుంటాయి. శంకువంటే మేకు, నీడ కొలిచే కర్ర. ఒత్తు ఎక్కడా లేదు. లీలావతి ఈ శ్లోకం వెంటనే మొనదేలిన గుంటని ‘సూచీఖాత’మంటుంది. సూది!

శంఖనాదం: పద్యంలో లెక్కంటే మన పావులూరి మల్లన ముందు. మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆయన్ని వదిలేసి…

లెక్కలమాస్టారు: మల్లన గొప్పవాడే, ఇంకో పోస్టు పెట్టండి. లీలావతిలో ఈ సూత్రానికి ఇచ్చిన లెక్క చూడండి. దిగుడు బావి నోరు 10 మూరలు, 12 మూరలు. అడుగు అందులో సగం. లోతు 7. శ్లోకం ప్రకారం 120, 30, 15×18 అంటే 270, మొత్తం 420. ఆరుతో భాగిస్తే 70, ఏడుతో హెచ్చిస్తే 490 ఘనమూరలు. గోడలు సాగదీసి తీసేసినా అంతే: 560లోంచి 70.

పాణినీయం: అయితే భాస్కరుడూ తీసివేతతోనే కట్టాడన్నమాట.

లెక్కలమాస్టారు: అంత తొందర వద్దు. అడుగు సరిగ్గా సగం కాబట్టి గోడలు ఒక మొనకి చేరాయి. అడుగు 5, 5 అయితే చేరవు, తీసివేతకి చిన్న సూది దొరకదు. శ్లోకం మాత్రం అక్కడా నిలుస్తుంది. శంకువుకి ఆ గొడవ లేదు గానీ, వ్యాసార్ధాలు 15, 14.9 అయితే మొన 36 మీటర్ల కింద ఉంటుంది. రెండు పెద్ద సంఖ్యల్లోంచి చిన్న తేడా తీయాలి. అక్కడ దశాంశాలు కత్తిరిస్తే జవాబే మారిపోతుంది.

పాణినీయం: మూలంలో ‘మొన’ మాట లేకపోవచ్చు గానీ, ‘సూచీ’ పక్కనే ఉంది కదా అని నా వాదన.

కుండీలవ్యాపారి: కుండీ అడుగున చిల్లు కూడా తీసేయాలా?