మూడు రెట్ల ఫండ్ ఊగే మార్కెట్లో కరుగుతుందా, లేక అది ఉత్త భయమా?

వంశీ_క్లబ్
శనివారం మా కాలేజీ ఫైనాన్స్ క్లబ్బులో పది నిమిషాలు మాట్లాడాలి. టాపిక్: ఇండెక్స్ ఒకరోజు ఎంత కదిలితే దానికి మూడు రెట్లు కదిలేలా రోజూ రీసెట్ అయ్యే ఫండ్ ఊగే మార్కెట్లో విలువ ఎందుకు పోగొట్టుకుంటుంది. స్క్రిప్టులో అసలు ముక్క ఇది: "ఇండెక్స్ ఒకరోజు 10 శాతం పెరిగి మర్నాడు 10 శాతం తగ్గితే 100 కాస్తా 99 అవుతుంది. మూడు రెట్ల ఫండ్ 30 పెరిగి 30 తగ్గి 91కి వస్తుంది. ఈ తరుగునే డీకే అంటారు." ఇది చాలా? మా రూమ్మేట్ మాత్రం ఈ డీకే అంతా యూట్యూబ్ వాళ్ల భయం, అమెరికాలో నాస్‌డాక్-100 ఇండెక్స్ మీద నడిచే మూడు రెట్ల ఫండ్ TQQQ చార్ట్ తీసి చూడు అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

లెక్కల_పంతులు
ఉదాహరణ తప్పు కాదు గానీ, ముందు వరుసలో కూర్చున్న తెలివైనవాడు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. "ఇండెక్సే 1 శాతం పడిందిగా, మూడు రెట్లంటే 97 రావాలి, మరి మిగతా 6 ఎక్కడికి పోయింది?" అంటాడు. నువ్వు చూపించాల్సింది ఆ 6. అందుకే ఇండెక్స్ సరిగ్గా బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఉదాహరణ తీసుకో.

ఇండెక్స్ 100 నుంచి 95కి పడి, మర్నాడు మళ్లీ 100కి వచ్చిందనుకో. పడింది 5 శాతం, కానీ లేచింది 5.26 శాతం, ఎందుకంటే 95 మీద 5 రూపాయలు. ఫండ్ మొదటిరోజు 15 శాతం పడి 85 అయింది. రెండోరోజు 15.79 శాతం లేచి 98.42 దగ్గర ఆగింది. ఇండెక్స్ ఒక్క పైసా కదల్లేదు, ఫండ్ 1.58 పోగొట్టుకుంది.

ఇప్పుడు ఆ 1.58 ఎవరి జేబులోంచి పోయిందో చెప్పు, అక్కడే ప్రసంగం నిలబడుతుంది. ఫండ్ సొంత సొమ్ము 100, మార్కెట్లో పెట్టింది 300. 5 శాతం పడగానే ఆ 300 కాస్తా 285 అయింది, సొంత సొమ్ము 85కి దిగింది. రేపు కూడా సరిగ్గా మూడు రెట్లు ఇస్తానని మాట ఇచ్చారు కాబట్టి 85కి మూడు రెట్లు, అంటే 255 మాత్రమే ఉంచుకోవాలి. కాబట్టి సాయంత్రం మార్కెట్ ముగిసేలోపు 30 అమ్మేస్తారు, అదీ పడ్డ ధరకి. మర్నాడు మార్కెట్ 5.26 శాతం లేచినప్పుడు ఆ 30 వాళ్ల చేతిలో లేదు. 30 మీద 5.26 శాతం వేసి చూడు, 1.58 వస్తుంది. సరిగ్గా అదే పోయింది. ఆ 30 అమ్మకుండా ఉంటే ఫండ్ మళ్లీ 100 అయ్యేది.

తర్వాత రెండోరోజు సాయంత్రం ఏం చేస్తారు? లేచింది కాబట్టి లేచిన ధరకి 27 దాకా కొంటారు. ఊగే మార్కెట్లో రోజూ ఇదే తంతు, తగ్గాక అమ్మడం, పెరిగాక కొనడం.

నిఫ్టీ_నాని
బ్రో ఇది మన ఫ్యూచర్స్ లాంటిదే కదా, అక్కడ కూడా రోజూ ఎంటీఎం, అంటే ఆరోజు లాభనష్టాల లెక్క, కట్ అవుతుంది, అంటే అదీ రోజువారీ రీసెట్టే. నేను ఒక లాట్ నెలంతా పట్టుకున్నా, నిఫ్టీ ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడికే వచ్చింది, నాకు ఇలాంటి నష్టమేమీ కనపడలేదే? మన దగ్గర లేని సరుకు గురించి స్పీచ్ ఎందుకసలు.

లెక్కల_పంతులు
నానీ, నీకు నష్టం ఎందుకు కనపడలేదో నీ పోస్టులోనే ఉంది: "ఒక లాట్ పట్టుకున్నా". ఎంటీఎంలో డబ్బు మాత్రమే ఇటు అటు మారుతుంది, లాట్ లాటుగానే ఉంటుంది. నిఫ్టీ పడ్డరోజు నీ లాటులో పదో వంతు ఎవరూ అమ్మలేదు కదా. ఈ ఫండ్ అమ్ముతుంది. నీకు దానికి బదులు వేరే ప్రమాదం ఉంది. నిఫ్టీ అదేపనిగా పడుతుంటే మార్జిన్ అడుగుతారు, కట్టకపోతే పొజిషన్ తీసేస్తారు. మూడు రెట్లు తీసుకుని సర్దుకోకుండా కూర్చుంటే 33 శాతం పతనానికి సొంత సొమ్ము సున్నా. ఫండ్ రోజూ తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి అదే పతనం రోజుకి కొంచెం చొప్పున వస్తే సున్నా కాదు. అంటే ఆ 1.58 ఒకరకంగా బీమా ప్రీమియం లాంటిదే, ఊరికే పారేసింది కాదు.

మన దగ్గర లేవన్నది నిజమే. కానీ అమెరికాలో ఖాతా తెరిచి ఇవే కొంటున్న కుర్రాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

దీర్ఘకాలం_దాసు
రూమ్మేట్ మాటే నేనూ అంటాను. TQQQ 2010 ఫిబ్రవరిలో మొదలైంది, అప్పటినుంచి కదలకుండా పట్టుకున్నవాడి డబ్బు పదుల రెట్లు పెరిగింది. డీకే నిజంగా అంత భయంకరమైతే అది ఎప్పుడో సున్నా అయ్యుండాలి. ఇంకో లెక్క చూడండి. వరసగా మూడు రోజులు 5 శాతం చొప్పున పెరిగితే ఇండెక్స్ 15.8 శాతం లాభం, దానికి మూడు రెట్లు 47, కానీ ఫండ్ ఇచ్చేది 52. పడేటప్పుడూ అంతే. మూడు రోజులు 5 చొప్పున పడితే మూడు రెట్ల లెక్కన 43 పోవాలి, పోయేది 39 లోపే. దీన్ని డీకే అని ఎలా అంటారు? 2022లో నాస్‌డాక్-100 33 శాతం పడింది, మూడు రెట్లు 99, ఫండ్ మాత్రం 79 దగ్గర ఆగింది. 2023లో ఇండెక్స్ 54 పెరిగితే ఫండ్ 198 పెరిగింది, మూడు రెట్ల కన్నా చాలా ఎక్కువ. రెండేళ్లూ ఫండే గెలిచింది.

లెక్కల_పంతులు
దాసు గారూ, మీరిచ్చిన అంకెలన్నీ సరైనవే. అందుకే వాటితోనే అడుగుతున్నా. రెండేళ్లూ ఫండే గెలిస్తే, 2021 డిసెంబరు ఆఖర్న 100 పెట్టినవాడి చేతిలో 2023 డిసెంబరు ఆఖరికి ఎంతుంది? మొదటి ఏడు తర్వాత 21, రెండో ఏడు తర్వాత 62 దగ్గర. అదే రెండేళ్లలో ఇండెక్స్ 16,320 నుంచి 16,826కి వచ్చింది, అంటే 3 శాతం లాభం. ఇండెక్స్ కొన్నవాడు కాస్త లాభంలో ఉన్నాడు, మూడు రెట్లు కొన్నవాడు ఇంకా 38 శాతం గోతిలో ఉన్నాడు.

తిరకాసంతా "మూడుతో గుణించడం"లో ఉంది. రోజుకి మూడు రెట్లంటే ఏడాదికి మూడుతో గుణించకూడదు, ఘనం చేయాలి. మార్కెట్ వణుకు లేకుండా నున్నగా పడివుంటే ఇండెక్స్ 0.67 అయినచోట ఫండ్ 0.67 × 0.67 × 0.67, అంటే 0.30 అయ్యుండాలి. అయింది 0.21. లేచేటప్పుడు 1.54ని ఘనం చేస్తే 3.65 రావాలి, వచ్చింది 2.98. రెండేళ్లలోనూ తరుగు ఉంది, మూడుతో గుణించి చూసేసరికి అది దాక్కుంది.

ఆ తరుగంతా ఊగిసలాట వల్లే అనను, అలా అంటే వంశీని తప్పుదారి పట్టించినట్టే. సొంత సొమ్ము ఒకటికి బయటి సొమ్ము రెండు వాడుతున్నారు, దానికి వడ్డీ కట్టాలి. 2022 మొదట్లో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా, 2023 మధ్యకి 5 శాతం దాటింది. నేరుగా అప్పు తీసుకోకుండా బ్యాంకులతో స్వాప్ ఒప్పందాలు పెట్టుకున్నా అప్పు అప్పే కదా. ఫండ్ ఖర్చులు అదనం. నా అంచనాలో ఆ రెండేళ్ల తరుగులో ఎక్కువ వాటా ఊగిసలాటది, పావు వంతుకి అటూ ఇటూ వడ్డీది.

డాలస్_మూర్తి
నా గోడు కూడా వినండి. నాకు మూడు రెట్లంటే భయం, అందుకే అప్పు లేనిదని ఒక రెట్టు తిరగబడేది కొన్నాను, మార్కెట్ పడితే పెరిగే రకం. పడినప్పుడు ఆదుకుంటుంది, లివరేజ్ లేదు కాబట్టి కరగదు అని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఎనిమిది నెలలు పట్టుకున్నా. మార్కెట్ ఎక్కి దిగి చివరికి అక్కడే ఉంది, నాది మాత్రం తగ్గింది. కస్టమర్ కేర్‌ని అడిగితే ప్రాస్పెక్టస్ చదవమన్నారు. నన్నేమైనా మోసం చేశారా?

లెక్కల_పంతులు
మోసం కాదు మూర్తి గారూ, పాత ఉదాహరణే మీ ఫండ్ మీద వేసి చూడండి. ఇండెక్స్ 100, 95, 100. మీది మొదటిరోజు 105 అయింది, రెండోరోజు 5.26 శాతం పోయి 99.47కి వచ్చింది. ఇప్పుడు రెండు రెట్ల ఫండ్ చూడండి: 90, తర్వాత 10.53 శాతం లేచి 99.47. రెండూ ఒకటే! ఒక రెట్టు తిరగబడేది, రెండు రెట్లు ముందుకెళ్లేది ఊగిసలాటలో సమానంగా కరుగుతాయి. మార్కెట్ పెరిగిన కొద్దీ మీ పందెం సొంత సొమ్ము కన్నా పెద్దదవుతుంది, దాన్ని రోజూ కత్తిరించాలి కదా. ఉజ్జాయింపుగా ఏడాది తరుగు ఇలా ఉంటుంది, ఇందులో L రెట్లు, σ ఏడాది ఊగిసలాట:

```
L × (L − 1) ÷ 2 × σ²
```

మూడు రెట్లకి 3σ², రెండు రెట్లకి σ², మైనస్ ఒకటికీ σ². మామూలు ఫండ్‌కి సున్నా.

స్వాతి_ఎంబీఏ
వంశీ, ఫార్ములా బోర్డు మీద రాయకు, సగం మంది ఫోన్లు తీస్తారు. అందులో వర్గం ఉన్న సంగతి మాత్రం అంకెల్లో చూపించు. 100, 95, 100 పదిసార్లు తిప్పితే ఇరవై రోజుల్లో ఫండ్ 85.3కి వస్తుంది. అదే రోజుకి 2 శాతం ఊగుడైతే, అంటే 100, 98, 100 పదిసార్లు, 97.6. ఊగుడు రెండున్నర రెట్లు పెరిగితే నష్టం ఆరు రెట్లు. ఒక్క స్లైడ్ చాలు. ఇంకోటి, "కాలంతోపాటు కరుగుతుంది" అనకు. అది ఆప్షన్ల మాట. ఇక్కడ మార్కెట్ నిద్రపోతే వడ్డీ, ఖర్చులు తప్ప ఏమీ పోదు.

దీర్ఘకాలం_దాసు
ఘనం సంగతి ఒప్పుకుంటా, నేను అలా చూడలేదు. అయినా 2010 నుంచి పట్టుకున్నవాడు గెలిచాడు కదా? పెరుగుదల తరుగుని మించితే మీ 3σ² పోనీ, ఎవడికి కావాలి.

లెక్కల_పంతులు
గెలిచాడు, కాదనను. ఆ పదిహేనేళ్లలో నాస్‌డాక్ ఎలా పెరిగిందో చూశాం. మధ్యలో 100 కాస్తా 21 అయినరోజు కూడా అమ్మకుండా కూర్చున్నవాడు గెలిచాడు. రాబోయే పదిహేనేళ్లు అలాగే ఉంటాయా అంటే అది మీ అభిప్రాయం, నా లెక్క అక్కడిదాకా రాదు. 2009లోనే అమెరికాలో బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా ఇలాంటివి ఒక్కరోజు మించి పట్టుకునే మామూలు ఇన్వెస్టరుకి సాధారణంగా తగవని నోటీసు ఇచ్చింది.

వంశీ_క్లబ్
మార్చాను: "ఇండెక్స్ పడి, తిరిగి అదే చోటికి వచ్చింది. ఫండ్ రాలేదు. ఎందుకంటే పడ్డరోజు సాయంత్రం 30 రూపాయల సరుకు అమ్మేసింది, లేచినరోజు ఆ 30 దాని చేతిలో లేదు." తర్వాత స్వాతి గారి స్లైడ్, ఆఖర్న 2022-23 అంకెలు. రూమ్మేట్‌కి చదివి వినిపిస్తే, రీసెట్ రోజుకి కాకుండా నెలకోసారి పెడితే అయిపోతుందిగా అంటున్నాడు.

స్వాతి_ఎంబీఏ
నెల మధ్యలో కొన్నవాడికి ఎన్ని రెట్లు దక్కుతుందో అడుగు మీ రూమ్మేట్‌ని. నెల మొదటివారంలో మార్కెట్ 10 శాతం పడితే ఫండ్ సొంత సొమ్ము 70, మార్కెట్లో ఉన్నది 270. ఆరోజు కొన్నవాడు మూడు రెట్లు అనుకుని దాదాపు నాలుగు రెట్లు కొన్నాడు.

నిఫ్టీ_నాని
అయినా నెలవారీయే నయం అనిపిస్తోంది నాకు, రోజూ 30 అమ్మే పని తప్పుతుంది కదా.

లెక్కల_పంతులు
నెలలోపల ఊగి తిరిగొస్తే నీ మాటే నిజం నానీ. నెల నెలకీ ఊగితే మాత్రం అదే నష్టం పెద్ద ముక్కలుగా వస్తుంది. మన మార్కెట్లో ఏది ఎక్కువో, నిఫ్టీ పాత అంకెలు తీసి రెండు రకాలుగా వేసి పెట్టు, చూద్దాం.