అప్‌డేట్: డల్లాస్ నుంచి వచ్చాక వాచ్‌లో పెరిగిన హార్ట్ రేట్

నా ప్రశ్న: “సంక్రాంతికి డల్లాస్ నుంచి అమలాపురం వచ్చి మూడు రోజులైంది. రాత్రి 58కి దిగే హార్ట్ రేట్ 67 దగ్గరే ఆగుతోంది. నిద్ర రెండు గంటలే చూపిస్తోంది. గుండెకేమైనా అయిందా?”

ఇవాళ్టికి పదమూడో రోజు. రాత్రి 59కి దిగింది. నాన్నగారి టెన్షన్ తీరక ఈసీజీ కూడా తీయించాం, మామూలుగానే ఉంది.

సగటు వదిలేసి, అతి తక్కువ రేటు ఏ గంటకు వస్తోందో చూశాక విషయం అర్థమైంది. ఇక్కడ రాత్రి పదికి పడుకుంటే అక్కడ ఉదయం పదిన్నర. శరీరానికి అది పగలే, కాబట్టి గుండె నెమ్మదించదు. మూడో రోజు మధ్యాహ్నం అరుగు మీద మంచంలో కునుకు తీస్తే, మూడున్నరకు 60కి దిగింది. డల్లాస్‌లో అప్పుడు తెల్లవారుజాము నాలుగు! తొమ్మిదో రోజుకు అది రాత్రి పదిన్నరకు జరిగింది, ఇప్పుడు తెల్లవారుజామున మూడుకు వస్తోంది. అంటే రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంది.

నిద్ర లెక్క మాత్రం నమ్మకండి. పగటి నిద్రను నా వాచ్ రాత్రి మొత్తంలో కలపలేదు, కదలకుండా మెలకువగా పడుకున్న గంటను నిద్రగా రాసుకుంది.

ఒక్క మాట: సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఒక కాలే వాచినా, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నా ఇలా రోజులు లెక్కపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.